పాత గేమ్ యంత్రం లోపల – 4వ పాఠం: మూడక్షరాల పేరు, పది వరుసల పట్టిక

గత పాఠం చివర ఒక ప్రశ్న అడిగి వదిలేశాను. నౌకతో బండల్ని, ఎగిరే సాసర్లను పేల్చే ఆస్టరాయిడ్స్ ఆటలో ఎవరి స్కోరు చూసినా చివరి అంకె సున్నాయే ఎందుకుంటుంది? జవాబు తేలికే. పెద్ద బండ పగిలితే 20, మధ్యస్థం పగిలితే 50, చిన్నది పగిలితే 100. పెద్ద సాసర్‌కి 200, చిన్న సాసర్‌కి 1000. అన్నీ పది గుణిజాలు. ఎన్ని కూడినా ఒకట్ల స్థానంలో సున్నా తప్ప ఇంకేమీ రాదు.

ఎప్పటికీ మారని అంకెను గుర్తుపెట్టుకోవడం దండగ. అందుకే ఆట తయారుచేసిన అటారీ వాళ్లు దాన్ని మెమరీలో పెట్టలేదు. తెరమీద స్కోరు గీసేటప్పుడు చివర ఒక సున్నా అంటిస్తారు, అంతే. ఈ చిన్న పొదుపు నుంచే ఇవాళ్టి పాఠం మొదలవుతుంది. పాఠం పూర్తయ్యేసరికి కాగితం మీద మీరే ఆస్టరాయిడ్స్ అత్యధిక స్కోర్ల పట్టికను నడపగలగాలి. కొత్త స్కోరు ఎక్కడ దూరుతుంది, ఏ వరుస కిందికి జారుతుంది, ఎవరి పేరు పోతుంది, ఇవన్నీ చెప్పగలగాలి. ఏదైనా యంత్రంలో పట్టిక తేడాగా కనిపిస్తే తప్పు ఎక్కడుందో కూడా పసిగట్టగలగాలి.

స్కోరు ఉండే చోటు: రెండు బైట్లు

1978లో వచ్చిన స్పేస్ ఇన్వేడర్స్ తెర పైభాగాన అత్యధిక స్కోరు ఒక్కటే చూపించేది. అది ఎవరిదో చెప్పేది కాదు. ఆటగాడు తన పేరు పొడి అక్షరాలు వేసుకునే పద్ధతిని ఎక్సిడీ కంపెనీ స్టార్ ఫైర్ ఆటలో తెచ్చింది. ఆ పద్ధతిని ఊరూరా తిప్పింది మాత్రం 1979 నవంబరులో వచ్చిన ఆస్టరాయిడ్సే. మన పాఠానికి అదే నమూనా.

ఆ యంత్రంలోని 6502 ప్రాసెసర్‌కు పని మెమరీ 1 కిలోబైటు, అంటే 1024 బైట్లు. ఒక్కో ఆటగాడి స్కోరుకు అందులో కేటాయించినవి రెండు బైట్లు. స్కోరు 14,320 అనుకుందాం. చివరి సున్నా తీసేస్తే 1432. దీన్ని రెండు ముక్కలు చేస్తే ఒక బైటులో 14, ఇంకో బైటులో 32. మొదటిది వేల బైటు, రెండోది పదుల బైటు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. మామూలుగా బైటులో 0 నుంచి 255 దాకా పడుతుంది. కానీ ఇక్కడ బైటును రెండు సగాలు చేసి, ఒక్కో సగంలో ఒక్కో అంకె పెట్టారు. దీన్నే బీసీడీ అంటారు. ఇలా చేస్తే బైటులో 99 దాకే పడుతుంది, కొంత చోటు వృథా. మరి ఎందుకు చేసినట్టు? 6502కు భాగహారం చేసే ఆదేశం లేదు. మామూలు బైనరీలో స్కోరు దాచితే, తెరమీద చూపించే ప్రతిసారీ పదితో భాగిస్తూ అంకెలు విడదీయాలి. బీసీడీలో అంకెలు ముందే విడిగా ఉన్నాయి. సగం బైటు తీసి, ఆ అంకె బొమ్మ గీస్తే సరిపోతుంది. పైగా 6502లో దశాంశ పద్ధతిలో కూడే ఏర్పాటు చిప్‌లోనే ఉంది. కూడే వరస ఇలా ఉంటుంది. ఇందులో `lo` పదుల బైటు, `hi` వేల బైటు, `pts` చివరి సున్నా తీసేసిన పాయింట్లు:

```
SED
CLC
LDA lo
ADC pts
STA lo
LDA hi
ADC #0
STA hi
CLD
```

`SED` అంటే ‘ఇకనుంచి దశాంశంలో కూడు’, `CLD` అంటే ‘మళ్లీ మామూలుకు రా’. ఒక లెక్క చేసి చూద్దాం. స్కోరు 14,980 ఉంది, మధ్యస్థ బండ పగిలింది, 50 రావాలి. పదుల బైటులో 98, దానికి 05 కలిపితే 103. బైటులో 03 మిగిలి, చేతిలో ఒకటి. ఆ ఒకటి వేల బైటుకు పోయి 14ను 15 చేస్తుంది. తెరమీద 15,030. చిన్నప్పుడు పలక మీద చేసిన కూడికే.

`SED` రాయడం మరిచిపోతే? 98కి 05 పదహారు లెక్కలో కలిసి `9D` అవుతుంది. ఆస్టరాయిడ్స్ అక్షరాల వరసలో 9 తర్వాత A మొదలవుతుంది కనుక తెరమీద `149D0` అని కనిపిస్తుంది. స్కోరు మధ్యలో అక్షరం దూరిందంటే తప్పు ఇక్కడే. `CLD` మరిచిపోతే ఇంకా చిరాకు. స్కోరు బాగానే ఉంటుంది, మిగతా లెక్కలన్నీ తప్పుతాయి. నౌక ఎక్కడో కనిపించాల్సింది ఇంకెక్కడో కనిపిస్తుంది. మనం స్కోరును అనుమానించం కదా, అందుకే ఆ తప్పు దొరకడానికి చాలాసేపు పడుతుంది.

పై వరసలో చివరికి జరిగేది కూడా చూడండి. వేల బైటు 99 ఉన్నప్పుడు చేతిలో ఒకటి వస్తే అది 00 అవుతుంది. అప్పుడు మళ్లీ చేతిలో ఒకటి మిగులుతుంది, కానీ దాన్ని అందుకునే మూడో బైటు లేదు. 99,990 మీద ఉన్నవాడు ఒక పెద్ద బండ పగలగొడితే తెరమీద 10 అని పడుతుంది. లక్ష గాలిలో కలిసిపోయింది. దీనికి మళ్లీ వద్దాం.

పట్టికలోకి దూరడం

పది వరుసలు. వరుసకు స్కోరు రెండు బైట్లు, పేరు మూడు బైట్లు. మొత్తం 50 బైట్లు. 6502 అన్నిటికన్నా వేగంగా అందుకోగల మొదటి 256 బైట్లలోనే ఈ యాభైకీ చోటిచ్చారు. పేరుకు పది అక్షరాలు ఇచ్చి ఉంటే ఇదే పట్టిక 120 బైట్లు మింగేది. మూడక్షరాలే ఎందుకని అడిగేవాళ్లకు నేను ముందు ఈ లెక్కే చూపిస్తాను. అమెరికాలో మనిషికి మొదటి పేరు, నడిమి పేరు, ఇంటిపేరు కలిపి మూడు పొడి అక్షరాలు ఉండటం కూడా కలిసొచ్చింది. ఎన్టీఆర్, ఏయన్నార్ అని మూడక్షరాలతో మనుషుల్ని పిలుచుకునే మనకు ఇది వింతగా అనిపించకూడదు. మనకు ఇంటిపేరు ముందు, వాళ్లకు చివర, అంతే తేడా.

ఇప్పుడు పట్టిక పైభాగం ఇలా ఉందనుకోండి. ఈ పేర్లు నేను వేసినవే.

```
1  21450  KVR
2  16900  SLN
3  14320  RAM
4   9870  PBS
```

కింద మరో ఆరు వరుసలున్నాయి. కొత్త ఆటగాడు సరిగ్గా 14,320తో ఆట ముగించాడు. యంత్రం పైనుంచి మొదలుపెడుతుంది. ఒక్కో వరుస దగ్గర ఆగి, ‘ఈ స్కోరు కొత్తదానికన్నా తక్కువా?’ అని చూస్తుంది. 21,450 తక్కువ కాదు. 16,900 కాదు. 14,320? సమానం, తక్కువ కాదు. 9,870 తక్కువే. కాబట్టి కొత్తవాడికి నాలుగో చోటు. సమానమైతే ముందు వచ్చినవాడే పైన ఉంటాడు. ఇందులో న్యాయం ఉంది, పని కూడా తగ్గుతుంది. ‘తక్కువ’ అని రాయాల్సిన చోట ‘తక్కువ లేదా సమానం’ అని రాస్తే పాతవాణ్ణి కొత్తవాడు తోసేస్తాడు. పరీక్షించాలంటే ఒకే స్కోరును వేర్వేరు పేర్లతో రెండుసార్లు ఎక్కించి చూడండి.

చోటు దొరికాక, అక్కడినుంచి కిందున్న వాళ్లంతా ఒక మెట్టు దిగాలి. ఈ పని అడుగునుంచి చేయాలి. తొమ్మిదో వరుసను పదిలోకి, ఎనిమిదిని తొమ్మిదిలోకి, అలా పైకి రావాలి. పదో వరుసలో ఉన్నవాడు ఎటూ పోలేక రాలిపోతాడు. పైనుంచి మొదలుపెడితే నాలుగోది ఐదులో పడుతుంది, ఆ ఐదే మళ్లీ ఆరులో పడుతుంది. నాలుగో చోట కొత్తవాణ్ణి రాశాక చూస్తే, ఐదు నుంచి పది దాకా ఒకే పేరు, ఒకే స్కోరు. పట్టికలో `PBS` ఆరుసార్లు కనిపిస్తే దిక్కు తప్పిందని అర్థం.

ఇంట్లో కంప్యూటర్ మీద చేసి చూడాలనుకునేవాళ్లకు ఇదే పని పైథాన్‌లో. `table` లో ముందుగానే పది వరుసలు ఉండాలి. ఖాళీ వరుసకు స్కోరు 0.

```
def insert(table, score, name):
    pos = 0
    while pos < 10 and table[pos][0] >= score:
        pos += 1
    if pos == 10:
        return None
    for i in range(9, pos, -1):
        table[i] = table[i-1]
    table[pos] = (score, name)
    return pos
```

చివర `pos` వెనక్కి ఇస్తున్నాం, గమనించారా? ఎందుకంటే అసలు యంత్రంలో ఆ క్షణానికి పేరు ఇంకా తెలియదు. ముందు చోటు ఖాయమవుతుంది, పేరు గడులు ఖాళీగా ఉంటాయి, ఆటగాడు ఆ తర్వాతే అక్షరాలు ఎంచుకుంటాడు. యంత్రం ‘ఫలానా వరుసలో పేరు రాయాలి’ అని గుర్తుపెట్టుకోవాలి.

నేను మొదటిసారి ఇలాంటిది రాసినప్పుడు సరిగ్గా ఇక్కడే బోల్తాపడ్డాను. ఇద్దరు ఆడారు. మొదటివాడికి ఐదో చోటు వచ్చింది, అది గుర్తుపెట్టుకున్నాను. రెండోవాడికి రెండో చోటు వచ్చింది. అతణ్ణి దూర్చగానే మొదటివాడు ఆరుకు జారాడు. కానీ నా దగ్గర రాసి ఉన్నది ఐదే! మొదటివాడు పేరు కొడుతుంటే అది ఎవరో పాతవాడి స్కోరు పక్కన వెళ్లి కూర్చుంది. ఒక్కరే ఆడినంతసేపు అంతా సవ్యంగా ఉంది కాబట్టి నెల రోజులు నాకు తెలియనే లేదు. రెండోవాణ్ణి దూర్చాక, అతని చోటు మొదటివాడి చోటుకు పైనో, అదే వరుసలోనో పడితే మొదటివాడి సంఖ్యకు ఒకటి కలపాలి. మందు అంతే.

అక్షరం తిప్పడం

అప్పుడు యంత్రం తెరమీద నీ స్కోరు పది ఉత్తమమైన వాటిలో ఒకటి అని చెప్పి, పొడి అక్షరాలు వేయమంటుంది. కీబోర్డు లేదు. ఉన్నవి ఆట ఆడే బటన్లే. నౌకను ఎడమకు, కుడికి తిప్పే రెండు బటన్లూ అక్షరాన్ని ముందుకు, వెనక్కి మారుస్తాయి. నచ్చిన అక్షరం దగ్గర, ఆటలో నౌకను మాయం చేసి ఇంకోచోట తేల్చే `HYPERSPACE` బటన్ నొక్కితే అది ఖాయం.

కాల్చే బటన్ ఎందుకు కాదు? నా ఊహ ఇది. చివరి నౌక పేలిపోయేటప్పుడు ఆటగాడి వేలు కాల్చే బటన్ మీద టకటక కొడుతూనే ఉంటుంది. ఖాయం చేసే బటన్ అదే అయితే, వాడు తెర చూసేలోపే మూడక్షరాలూ `AAA` అయిపోతాయి. హైపర్‌స్పేస్ ఎప్పుడోగానీ నొక్కని బటన్.

అక్షరాల వలయంలో 27 మెట్లున్నాయి. ఇరవయ్యారు అక్షరాలు, ఒక ఖాళీ. మొదలు `A` దగ్గర. `V` కావాలంటే ముందుకు 21 సార్లు జరగాలి. వెనక్కి తిప్పితే ఖాళీ, Z, Y, X, W, V. ఆరు జరుపులు. అలవాటున్న ఆటగాళ్లు ఎటు తిప్పాలో ముందే తెలిసి తిప్పేవాళ్లు.

లోపల ఈ వలయం అంత గుండ్రంగా లేదు. ఆస్టరాయిడ్స్‌లో ఖాళీకి సంఖ్య 0. తర్వాత 1 నుంచి 10 దాకా అంకెల బొమ్మలు. A 11, Z 36. పేరులో అంకెలకు చోటు లేదు కాబట్టి ముందుకు పోతూ 36 దాటితే 0కు రావాలి, 0 నుంచి 1కి కాకుండా 11కు దూకాలి. వెనక్కి వస్తే దీనికి తలకిందులు. ఈ దూకుడు రాయడం మరిచిపోతే ఖాళీ తర్వాత 0, 1, 2 అని అంకెలు వస్తాయి. చూడగానే తెలిసిపోయే తప్పు కాబట్టి దీనికి టెన్షన్ అక్కర్లేదు.

ఇంకో జాగ్రత్త. పేరు వేయకుండానే ఆటగాడు వెళ్లిపోవచ్చు. అప్పుడు యంత్రం అలాగే కూర్చుంటే తర్వాతి నాణెం రాదు. 1981లో వచ్చిన డాంకీ కాంగ్‌లో ఈ ఏర్పాటు కళ్లకు కట్టినట్టు ఉంటుంది. పేరు నమోదు చేసే తెర మీద `REGI TIME` అని 30 నుంచి లెక్క తగ్గుతూ వస్తుంది. సున్నా అయితే ఎంతవరకు వేశావో అంతే. ఆ ఆటలో పట్టిక ఐదు వరుసలే. కొత్తగా కరెంటు పెట్టగానే పైన 7650 అని తయారుగా ఉంటుంది. ఆస్టరాయిడ్స్ అలా నకిలీ స్కోర్లు పెట్టదు. ఎవరూ ఆడకపోతే పట్టికే చూపించదు. నాకు ఈ రెండోదే నచ్చుతుంది. కానీ ఖాళీ పట్టిక చూసి ఎవరికి పౌరుషం వస్తుంది అనేవాళ్ల మాటలోనూ నిజముంది.

కరెంటు పోతే

ఆస్టరాయిడ్స్‌లోని ఆ 50 బైట్లూ మామూలు ర్యామ్‌లోవే. రాత్రి దుకాణం మూసేటప్పుడు ప్లగ్ పీకితే అంతే సంగతులు. పొద్దున్న పట్టిక ఖాళీ.

దీనికి రెండు దారులు వచ్చాయి. 1981లో అటారీ ఆస్టరాయిడ్స్ డీలక్స్, సెంటిపీడ్ ఆటల్లో కరెంటు లేకపోయినా మరవని చిన్న చిప్ పెట్టింది. దాన్ని ఇయరామ్ అంటారు. అందులో పట్టేది 64 బైట్లే. రాయడమూ నెమ్మదే. ముందు పాతదాన్ని చెరిపి ఆ తర్వాత కొత్తది రాయాలి, ఆ పనికి ఎక్కువ ఋణ వోల్టేజీ కావాలి. అందుకే పట్టికంతా కాకుండా పై మూడు వరుసలనే దాచారు. మర్నాడు పొద్దున చూస్తే మొదటి ముగ్గురూ ఉంటారు, మిగతావాళ్లు ఉండరు. దాన్ని చెడిపోవడం అనుకోకండి, యంత్రం తీరే అది.

విలియమ్స్ కంపెనీ డిఫెండర్‌లో దారి వేరు. తక్కువ కరెంటుతో బతికే సీమాస్ ర్యామ్ పెట్టి, దానికి మూడు ఏఏ బ్యాటరీలు తగిలించారు. పట్టికలు కూడా రెండు. ఒకటి `TODAYS GREATEST`, ఇంకోటి `ALL TIME GREATEST`. ఇవాళ్టి పట్టిక మామూలు ర్యామ్‌లో ఉంటుంది కాబట్టి కరెంటు తీస్తే పోవాల్సిందే. శాశ్వత పట్టిక ఉండిపోవాలి.

పాత యంత్రం ముందు నిలబడినప్పుడు పనికొచ్చే కిటుకు ఇక్కడుంది. డిఫెండర్‌ను ఆపి మళ్లీ వేయండి. ఇవాళ్టి పట్టిక ఒక్కటే మొదటికొస్తే అంతా బాగున్నట్టే. శాశ్వత పట్టిక కూడా మొదటికొచ్చి, పైన `DRJ` పేరుతో 21270 కనిపిస్తే బ్యాటరీలు అయిపోయినట్టు. అది ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పట్టిక. ఆ పేర్లలో `SAM`, `LED` అని ఉన్నవి ఆట తయారీలో పాలుపంచుకున్న శామ్ డికర్, ల్యారీ డిమార్‌లవి.

బ్యాటరీలు మార్చే ముందు బోర్డును ఒకసారి వెలుతురులో చూడండి. ఏళ్ల తరబడి వదిలేసిన ఏఏ బ్యాటరీలు కారిపోతాయి. ఆ ద్రవం బ్యాటరీ పెట్టెను, దాని కింది రాగి దారులను తినేస్తుంది. ఆకుపచ్చ బూజులాంటిది కనిపిస్తే కొత్త బ్యాటరీలు పెట్టినా ప్రయోజనం ఉండదు, ముందు బోర్డు శుభ్రం చేసి తెగిన దారులు అతకాలి. స్కోర్లు పోతే పోయాయి, యంత్రమే పోయిన సందర్భాలున్నాయి. అందుకే ఇప్పుడు చాలామంది ఆ బ్యాటరీలు తీసేసి, బ్యాటరీ అక్కర్లేని మెమరీ చిప్ పెట్టుకుంటున్నారు.

యంత్రం మరిచిన లక్షలు

ఇక గాలిలో కలిసిన లక్ష సంగతి.

ఆస్టరాయిడ్స్‌లో ప్రతి 10,000కు ఒక నౌక అదనంగా వస్తుంది. చేయి తిరిగిన ఆటగాడు పోగొట్టుకునేవాటికన్నా సంపాదించేవి ఎక్కువ. అలాంటివాడికి ఆట ముగియదు, ఒళ్లు అలిసిపోవాలంతే. 1982 నవంబరు 13న స్కాట్ సాఫ్రన్ అనే అమెరికన్ కుర్రాడు 41,336,440 సాధించాడు. నాలుగు కోట్ల పదమూడు లక్షల పైచిలుకు. ఇప్పుడు మన రెండు బైట్ల లెక్క వేయండి. నాలుగు కోట్ల పదమూడు లక్షలంటే 413 లక్షలు. అంటే స్కోరు 413 సార్లు చుట్టు తిరిగి సున్నాకు వచ్చింది. చివరికి ఆ రెండు బైట్లలో మిగిలేది 36,440 మాత్రమే.

ఆ యంత్రం పట్టికకు అతడు 36,440 సంపాదించిన మనిషి. మరుసటి గంటలో వచ్చి 36,450 చేసినవాడెవడైనా అతని పైన కూర్చుంటాడు! యంత్రం తప్పు చేయలేదు, దానికి తెలిసిందే అంత. 413 అనే సంఖ్య ఎక్కడ ఉండాలి? పక్కన నిలబడి చూసినవాళ్ల దగ్గర.

అందుకే స్కోరు పెట్టడమనే పని యంత్రం బయటకు వచ్చింది. అయోవా రాష్ట్రంలోని ఒటమ్వా అనే చిన్న ఊళ్లో వాల్టర్ డే 1981 నవంబరు 10న ట్విన్ గెలాక్సీస్ అనే ఆటల దుకాణం తెరిచాడు. అంతకుముందే ఊళ్లు తిరుగుతూ యంత్రాల మీది అత్యధిక స్కోర్లు రాసుకునే అలవాటు ఉంది అతనికి. 1982 ఫిబ్రవరిలో ఆ లెక్కలను అమెరికా మొత్తానికి స్కోరు పట్టికగా బయటపెట్టాడు. తర్వాత ఆటగాళ్లు, దుకాణాలవాళ్లు తమ స్కోర్లను అతనికి చెప్పడం మొదలుపెట్టారు. అక్కడ మాత్రం లక్షలు పోవు.

సాఫ్రన్ స్కోరు ఇరవయ్యేడేళ్లు దాటి నిలిచింది. 2010 ఏప్రిల్‌లో జాన్ మెకాలిస్టర్ 58 గంటలు ఆడి 41,338,740 చేశాడు. తేడా 2,300. చిన్న సాసర్లు రెండు, చిన్న బండలు మూడు. ఇద్దరూ ఒకే యంత్రం మీద ఆడి ఉంటే పట్టికలో కనిపించే తేడా కూడా అదే 2,300. ఎందుకంటే ఇద్దరూ 413 చుట్లే తిరిగారు. మెకాలిస్టర్ మరో 61,260 ఆడి ఆగిపోయి ఉంటే తెరమీద సున్నా కనిపించేది, పట్టికలో చోటే ఉండేది కాదు.

మీరు చేయాల్సినవి

ఒకటి. స్కోరు 8,960. చిన్న సాసర్ పగిలింది, 1000 కలపాలి. చివరి సున్నా తీస్తే 1000 కాస్తా 100 అవుతుంది, అది ఒక బీసీడీ బైటులో పట్టదు. పైన ఇచ్చిన వరసలో ఒకే ఒక్క ఆదేశాన్ని మార్చి, `pts` గా 99 ఇచ్చి దీన్ని సాధించండి. ఆధారం: `CLC` చేసే పని ఏమిటో చూడండి.

రెండు. 27 గుర్తులకు ఐదు బిట్లు చాలు. మూడక్షరాలను మూడు బైట్లకు బదులు రెండు బైట్లలో ఇరికించండి. 64 బైట్ల ఇయరామ్‌లో స్కోరుకు రెండు, పేరుకు రెండు చొప్పున ఎన్ని వరుసలు పడతాయో లెక్క వేయండి.

మూడు. ఎవరో ఫొటో చూపించి, ‘ఇది నా ఆస్టరాయిడ్స్ స్కోరు, పది లక్షలు దాటింది’ అంటున్నారు. ఫొటోలో 4,210 ఉంది, మిగిలిన నౌకలు పన్నెండు కనిపిస్తున్నాయి. ఆట మూడు నౌకలతో మొదలైంది. ఈ ఫొటో ఒక్కదాన్నిబట్టి కనీసం ఎన్ని చుట్లు తిరిగాడని ఒప్పుకోవచ్చు? పది లక్షలకు ఏ సాక్ష్యం అడుగుతారు?

జవాబులతోనే 5వ పాఠం మొదలుపెడదాం. అందులో డాంకీ కాంగ్ 22వ దశలో గడియారం ఎందుకు తప్పుతుందో చూస్తాం.